ఫోన్ ట్యాప్ పలకడం లేదంటే మెషీన్ మార్చేయాలా? గాంధీ రోడ్డు షాపులో ఒక కేసు

తిరుపతి గాంధీ రోడ్డులో పట్టుచీరలు, రెడీమేడ్లు అమ్మే ఒక మోస్తరు షాపు అది. ఓనర్ ఫోన్ చేసి, "తమ్ముడూ, ఈ మెషీన్ మార్చేయండి, కార్డు పెడితే తీసుకుంటుంది, ఫోన్ పెడితే పలకదు, బిల్లింగ్ కాడ జనం నిలబడిపోతా ఉండారు" అన్నారు. స్వైపింగ్ మెషీన్లు పెట్టడం, రిపేర్ చూడటం నా పని. ఇలాంటి కంప్లైంట్లు వారం వారం వస్తూనే ఉంటాయి, వాటిల్లో నిజంగా మెషీన్ మార్చాల్సినవి చాలా తక్కువ. ఈ కేసు రాయడానికి కారణం ఏమిటంటే, ఒకే కౌంటర్ దగ్గర మూడు వేర్వేరు కారణాలు కలిసిపోయి ఒకే రోగంలా కనిపించాయి.

ఓనర్ మాటలోనే సగం జవాబు ఉంది. కార్డు ట్యాప్ చేస్తే తీసుకుంటోంది అంటే మెషీన్‌లోని ఎన్ఎఫ్‌సీ రీడర్, అంటే దగ్గర పెట్టినదాన్ని తాకకుండానే రేడియోతో చదివే భాగం, బతికే ఉంది. కార్డైనా ఫోనైనా మెషీన్ మాట్లాడేది ఒకే 13.56 మెగాహెర్ట్జ్ రేడియోలో, ఒకే పద్ధతిలో. దానికి సంబంధించినంతవరకు ఫోన్ కూడా ఒక కార్డే. అయినా వెళ్ళగానే నా డెబిట్ కార్డుతో రూపాయి ట్యాప్ చేశాను, వెళ్ళింది. నా ఫోన్‌తో ఇంకో రూపాయి, అదీ వెళ్ళింది. రెండూ వాయిడ్ చేసి స్లిప్పులు ఓనర్ చేతికిచ్చాను, ఎందుకంటే నోటితో "మీ మెషీన్ బాగానే ఉందన్నా" అంటే ఏ షాపు ఓనరూ నమ్మడు.

"మరి మా పిల్ల ఫోన్ ఎందుకు పలకదు?" అన్నారు. పిల్ల అంటే క్యాషియర్. ఆ అమ్మాయి ఫోన్ తెప్పించుకుని ట్యాప్ చేయించాను. ఇక్కడ నేను ప్రతిసారీ చూసేది ఒక్కటే, ఎంతవరకు వెళ్ళి ఆగింది అని. ఫోన్ అసలు కదలకుండా, మెషీన్ కూడా కార్డు కోసం ఎదురుచూస్తూ ఉండిపోతే రేడియో కలవలేదని అర్థం. అప్పుడు చూడాల్సింది ఎన్ఎఫ్‌సీ ఆన్‌లో ఉందా, ఫోన్ సరైన చోట పెట్టారా, కవర్ ఏమైనా అడ్డమా అని. ఫోన్ వైబ్రేట్ అయ్యో, తెర వెలిగో స్పందించి, మెషీన్ మాత్రం వేరే కార్డు వాడమనో మళ్ళీ ప్రయత్నించమనో చెప్తే, కలిశాయి గానీ మాట కుదరలేదు, అంటే తప్పు యాప్ జవాబిచ్చిందో, మధ్యలోనే ఫోన్ తీసేశారో. బీప్ కొట్టి, కనెక్ట్ అవుతున్నట్టు చూపించి, ఆ తర్వాత డిక్లైన్ స్లిప్ వస్తే ట్యాప్ బాగానే జరిగింది, కాదన్నది బ్యాంకు. ఈ మూడింటినీ జనం ఒకే మాటతో చెప్తారు: "ట్యాప్ కాలేదు."

ఈ అమ్మాయి ఫోన్ వైబ్రేట్ అయింది. మెషీన్ వేరే కార్డు వాడమంది. అంటే రెండో రకం.

"గూగుల్ పే ఉండాది కదన్నా, కార్డు కూడా పెట్టుకున్నా, ఒక్కోసారి పోతుంది, ఒక్కోసారి పోదు" అంది. ఆ 'ఒక్కోసారి' దగ్గర నాకు విషయం దొరికింది. "పోయినప్పుడు ఏం చేశావమ్మా, యాప్ తెరిచి పెట్టావా, ఊరికే లాక్ తీసి పెట్టావా?" అని అడిగాను. కాస్త ఆలోచించి, "తెరిచినప్పుడు పోతుంది అనుకుంటా" అంది. నా ఎదురుగానే రెండు రకాలుగా చేయించాను. యాప్ తెరిచి పెడితే వెళ్ళింది. హోమ్ స్క్రీన్ మీద ఉంచి పెడితే వెళ్ళలేదు. మళ్ళీ మళ్ళీ అదే తీరు.

దీని వెనక జరిగేది తెలిస్తే ఈ కేసు మొత్తం తేలిపోతుంది. ఫోన్ దగ్గరకు రాగానే మెషీన్ మొదట అడిగేది "నీ దగ్గర ఏయే కార్డులు ఉన్నాయి" అని. సాంకేతికంగా చెప్పాలంటే `2PAY.SYS.DDF01` అనే పేరుతో పిలుస్తుంది. ఆ పిలుపుకు ఫోన్‌లో ఒకే ఒక్క యాప్ పలకాలి. రెండు యాప్‌లు పలికితే గందరగోళం కాబట్టి, ఆండ్రాయిడ్ ముందే ఒకదాన్ని డిఫాల్ట్ పేమెంట్ యాప్‌గా పెట్టుకుని పిలుపు దానికే పంపుతుంది. యాప్‌ను ఎంచుకునేది ఫోనే, అందులో మెషీన్‌కు ఏ పాత్రా లేదు. డిఫాల్ట్ యాప్‌లో పనిచేసే కార్డు లేకపోయినా సరే, ఆండ్రాయిడ్ పక్క యాప్‌ను అడిగి చూడదు. పిలుపు డిఫాల్ట్‌కే వెళ్తుంది, అక్కడే ఆగిపోతుంది.

ఆ అమ్మాయి ఫోన్ సెట్టింగ్స్‌లో చూస్తే డిఫాల్ట్‌గా ఉన్నది గూగుల్ పే కాదు, ఆమె జీతం పడే బ్యాంకు వాళ్ళ యాప్. అందులోనూ ట్యాప్ సౌకర్యం ఉంది. ఎప్పుడో యాప్ వేసుకున్న రోజు "డిఫాల్ట్‌గా పెట్టమంటారా" అని అడిగితే ఎస్ కొట్టేసింది. ఆ తర్వాత సిమ్ మార్చింది, బ్యాంకు యాప్‌లో మళ్ళీ రిజిస్టర్ చేసుకోలేదు, కాబట్టి అందులో కార్డు బతికి లేదు. పేరు మాత్రం సెట్టింగ్స్‌లో అలాగే కూర్చుంది. మరి గూగుల్ పే తెరిచినప్పుడు ఎందుకు పోయిందంటే, తెర మీద తెరిచి ఉన్న పేమెంట్ యాప్ "ప్రస్తుతానికి పిలుపు నాకు ఇవ్వు" అని సిస్టమ్‌ను అడగగలదు. ఫోన్‌లో ఆ అనుమతి ఆన్‌లో ఉంటే డిఫాల్ట్‌ను పక్కనపెట్టి దానికే ఇస్తారు. యాప్ మూసేయగానే పిలుపు మళ్ళీ డిఫాల్ట్‌కే. ఒక్కోసారి పోయి ఒక్కోసారి పోకపోవడం అంటే చాలామంది నెట్‌వర్క్ అనుకుంటారు, నాకైతే మొదట అనుమానం వచ్చేది ఇక్కడే.

మార్చడం రెండు నిమిషాల పని, ఆ సెట్టింగ్ ఎక్కడుందో వెతకడమే తలనొప్పి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్ తెరిచి, కనెక్షన్ల కింద NFC లోకి వెళ్తే `Contactless payments` అని ఉంటుంది. అక్కడ యాప్‌ల లిస్టు వస్తుంది, కావలసినదాన్ని ఎంచుకోవాలి. దాని కిందే ఇంకో ప్రశ్న ఉంటుంది: ఎప్పుడూ డిఫాల్టే వాడాలా, లేక వేరే పేమెంట్ యాప్ తెరిచి ఉన్నప్పుడు దానికి దారివ్వాలా అని. రెండోదే పెట్టుకోమంటాను, రెండు కార్డులు రెండు యాప్‌లలో ఉన్నవాళ్ళకు అది చాలా పనికొస్తుంది. ఆండ్రాయిడ్ 15 నుంచి ఈ డిఫాల్ట్‌ను వాలెట్ యాప్ అనే పేరుతో డిఫాల్ట్ యాప్‌ల పేజీకి చేర్చారు, అంటే బ్రౌజర్, ఫోన్ యాప్ ఎంచుకునే చోటికి. పాత చోట కనిపించకపోతే అక్కడ చూడండి. మెనూల్లో తిరగడం కన్నా సెట్టింగ్స్ పైన సెర్చ్‌లో NFC అని కొట్టడం తేలిక.

కేబుల్, adb టూల్ ఉన్న ల్యాప్‌టాప్ ఉండి, సొంత ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్లు తెరిచి యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసుకుంటే, డిఫాల్ట్ ఏ యాపో ఈ రెండు లైన్లు నేరుగా చెప్పేస్తాయి. మొదటిది పాత పద్ధతికి, రెండోది ఆండ్రాయిడ్ 15, ఆ పైవాటికి:

```
adb shell settings get secure nfc_payment_default_component
adb shell cmd role get-role-holders android.app.role.WALLET
```

షాపులో కస్టమర్ ఫోన్‌కు కేబుల్ పెట్టే పని మాత్రం నేను చేయను, మీరూ చేయొద్దు. ఇది సొంత ఫోన్ చూసుకోవడానికే.

డిఫాల్ట్ మార్చాక ఆ అమ్మాయి ఫోన్ హోమ్ స్క్రీన్ మీద నుంచే వెళ్ళింది. ఓనర్ ఊరుకోలేదు. "ఇది మా పిల్ల ఫోన్, కస్టమర్ల సంగతేంది?" అన్నారు. న్యాయమే. అందుకని కౌంటర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. నిజానికి ఈ పనిలో నాకు ఎక్కువ నేర్పింది ఇలా కూర్చుని చూడటమే, ఎందుకంటే జనం ఏం చేశారో వాళ్ళు చెప్పేదానికీ వాళ్ళ చెయ్యి చేసేదానికీ పోలిక ఉండదు.

ముందు కంటపడింది మెషీన్ పెట్టిన తీరు. దుమ్ము పడకుండా మందపాటి ప్లాస్టిక్ తొడుగు వేసి, స్టీలు గల్లాపెట్టె మీద పడుకోబెట్టారు. ప్లాస్టిక్ రేడియోకు అడ్డం కాదు. కానీ ఆ తొడుగు మీద ఎవరో ఆఫర్ స్టిక్కర్ అంటించారు, సరిగ్గా నాలుగు గీతల గుర్తు మీద, మన జనం వైఫై గుర్తు అంటారే, దాని మీద. దాంతో ఫోన్ ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియడం లేదు. ఒకాయన అంకెల బటన్ల మీద పెట్టారు, ఒకావిడ పక్కనున్న క్యూఆర్ సౌండ్ బాక్స్ మీద పెట్టి ఎదురుచూశారు. ఈ మెషీన్‌కు యాంటెన్నా ఉన్నది డిస్‌ప్లే చుట్టూ. వేరే మోడళ్ళలో పేపర్ రోల్ మూత దగ్గరో పక్కనో ఉంటుంది, ఆ గుర్తు ఎక్కడుంటే అక్కడ. దూరం కూడా నాలుగు సెంటీమీటర్లు దాటితే ఆశ వదులుకోవచ్చు. పైగా కింద స్టీలు పెట్టె ఉంటే అది రేడియో బలాన్ని ఇంకా తగ్గిస్తుంది. స్టిక్కర్ పీకించి, మెషీన్‌ను చెక్క బల్ల మీదికి మార్పించాను.

రెండోది ఫోన్‌లో యాంటెన్నా ఎక్కడుందనేది. చాలా ఫోన్లకు అది వెనక వైపు పై సగంలో, కెమెరా చుట్టుపక్కల ఉంటుంది. జనం మాత్రం ఫోన్ కింది అంచుతో మెషీన్‌ను పొడుస్తారు. కవర్‌లో ఇనుప రేకు ఉన్నా, కారు హోల్డర్ కోసం అంటించిన అయస్కాంతం పలక ఉన్నా పలకదు. కవర్ వెనక అరలో ఏటీఎం కార్డు దాచుకునేవాళ్ళది ఇంకో కథ. మెషీన్‌కు ఫోనూ కార్డూ రెండూ ఒకేసారి కనిపిస్తాయి, ఒక్క కార్డే పెట్టండి అని వాపోతుంది, లేదా ఆ ఏటీఎం కార్డు నుంచే డబ్బు లాగేస్తుంది. ఇది జరిగినప్పుడు కస్టమర్ "నా ఫోన్‌లో ఏమీ రాలేదే, డబ్బెలా పోయింది" అని షాపు వాళ్ళ మీద విరుచుకుపడతారు.

మూడోది తొందర. మెషీన్ మీద నాలుగు చిన్న లైట్లు ఉంటాయి, కొన్నింట్లో తెర మీదే బొమ్మగా కనిపిస్తాయి. సిద్ధంగా ఉన్నప్పుడు ఒకటి వెలుగుతుంది, చదవడం పూర్తయితే నాలుగూ వెలిగి బీప్ వస్తుంది. ఆ బీప్ దాకా ఫోన్ కదలకూడదు, సెకను లోపే అయిపోతుంది. ఫోన్ వైబ్రేట్ అవగానే అయిపోయిందనుకుని లాగేసేవాళ్ళు ఎక్కువ. ఫోన్ పిలుపు విన్నదనే ఆ వైబ్రేషన్ అర్థం, అంతకుమించి ఏం లేదు. బీప్ వచ్చాక మాత్రం పట్టుకుని నిలబడనక్కర్లేదు, ఆ తర్వాత బ్యాంకుతో మాట్లాడుకునేది మెషీనే. ఇంకో వైపు క్యాషియర్ తొందర కూడా ఉంది. అమౌంట్ కొట్టి ఎంటర్ నొక్కకముందే "పెట్టండి సార్" అంటారు. అప్పటికి రీడర్ ఆన్ కూడా అవ్వదు.

మన ఊరికే ప్రత్యేకమైన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ఈ షాపు కస్టమర్లలో చాలామంది కొండ దిగి వచ్చినవాళ్ళు. దర్శనానికి ముందు ఫోన్ డిపాజిట్ చేస్తారు కాబట్టి స్విచాఫ్ చేసి ఇస్తారు, కొందరు ఛార్జింగ్ అయిపోతుందని ఫ్లైట్ మోడ్‌లోనో బ్యాటరీ సేవర్‌లోనో పెట్టేస్తారు. ఫ్లైట్ మోడ్ పెడితే చాలా ఫోన్లలో ఎన్ఎఫ్‌సీ కూడా ఆగిపోతుంది. స్విచాన్ చేసిన ఫోన్‌కు ఒకసారి పిన్ కొట్టి లాక్ తీసేదాకా ట్యాప్ పనిచేయదు. అందుకే గుండుతో, చేతిలో లడ్డూ కవర్‌తో వచ్చినవాళ్ళ ఫోన్ కదలకపోతే నేను క్యాషియర్‌కు చెప్పిన మొదటి ప్రశ్న, "సామీ, ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేశారా?" అని. లాక్ తీసి, ఎన్ఎఫ్‌సీ ఆన్ చేయించాక సగం మందికి అక్కడే సరిపోయింది. ఇంటర్నెట్ లేకపోవడం మాత్రం సమస్య కాదు. ఫోన్ ట్యాప్‌లకు వాడే తాళంచెవుల్లాంటి రహస్య కోడ్‌లు కొన్ని ముందే తెచ్చి దాచుకుంటుంది, కాబట్టి సిగ్నల్ లేకపోయినా కొన్ని ట్యాప్‌లు పోతాయి. అవి అయిపోతే ఒకసారి నెట్‌కు కలపాలి.

వీటన్నిటి తర్వాత కూడా ఒక ఫోన్ మొండికేసింది. ఒక కుర్రాడిది, డిఫాల్ట్ గూగుల్ పేనే, కార్డు ఉంది, లాక్ తీసే ఉంది, యాప్ తెరిచి పెట్టినా వెళ్ళలేదు. కొన్ని కంపెనీల ఫోన్లలో ఎన్ఎఫ్‌సీ పేజీలోనే సెక్యూర్ ఎలిమెంట్ పొజిషన్ లాంటి పేరుతో ఇంకో సెట్టింగ్ ఉంటుంది, పిలుపు సిమ్‌కు పోవాలా, యాప్‌కు పోవాలా అని నిర్ణయించేది అది. ఈ అబ్బాయిది సిమ్ వైపు ఉంది. అలా ఉంటే డిఫాల్ట్ యాప్ ఏది పెట్టినా లాభం లేదు, పిలుపు యాప్‌ల దాకా రానే రాదు. `HCE Wallet` అన్నదానికి మార్చగానే వెళ్ళింది. హెచ్‌సీఈ అంటే చిప్ బదులు యాపే కార్డులా నటించడం, 2013లో ఆండ్రాయిడ్ 4.4తో వచ్చింది. మన దగ్గర ఆండ్రాయిడ్‌లో ఇలాంటి యాప్‌లు చాలావరకు నడిచేది ఈ పద్ధతిలోనే.

ఇక బీప్ కొట్టి డిక్లైన్ అయినవి. వీటికి మెషీన్‌నీ ఫోన్‌నీ ఏం చేసినా ఉపయోగం లేదు, స్లిప్ మీదో తెర మీదో వచ్చే రెండంకెల కోడ్ చూడాలి. 51 అంటే డబ్బు చాలలేదు, 61 అంటే లిమిట్ దాటింది, 57 అంటే ఆ కార్డుకు ఆ రకం లావాదేవీకి అనుమతి లేదు. ఈ షాపులో ఎక్కువ వచ్చింది 57. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డులకు కాంటాక్ట్‌లెస్ మొదట ఆఫ్‌లో వస్తుంది, మనమే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవాలి, లిమిట్ కూడా అక్కడే పెట్టుకోవాలి. ఫోన్‌లో ఎక్కించిన కార్డుకు కొన్ని బ్యాంకులు విడిగా ఇంకో స్విచ్ పెడతాయి, అదీ చూడాలి. పిన్ లేకుండా ట్యాప్‌కు పరిమితి 2021 జనవరి 1 నుంచి 5,000 రూపాయలు. పట్టుచీర బిల్లు దాన్ని తేలిగ్గా దాటుతుంది. దాటినప్పుడు ఈ మెషీన్ పిన్ అడుగుతుంది, అడిగేది కార్డు పిన్, యూపీఐ పిన్ కాదు. ఈ షాపులోనే ఒకాయన ఆరంకెల యూపీఐ పిన్ కొట్టి రెండుసార్లు తప్పు పడేసుకున్నారు, మూడోసారికి క్యాషియర్ ఆపింది.

ఆయన తప్పేం లేదు, యాప్ ఒకటే కాబట్టి ఎవరైనా అలాగే అనుకుంటారు. గూగుల్ పేలో బ్యాంకు అకౌంట్ జత చేసి ఉన్నంత మాత్రాన ఈ మెషీన్ మీద ట్యాప్ పనిచేయదు, విడిగా వీసానో మాస్టర్‌కార్డో ట్యాప్ కోసం ఎక్కించి ఉండాలి. అసలు కార్డు నంబరు బదులు టోకెన్ నంబరు ఫోన్‌లో కూర్చుంటుంది, అందుకే ఫోన్ స్క్రీన్ లాక్ తీసేస్తే ఆ టోకెన్ కూడా పోతుంది, మళ్ళీ ఎక్కించుకోవాలి. యూపీఐలోనూ ట్యాప్ ఉంది గానీ అది ఇంకో దారి. అక్కడ ఎన్ఎఫ్‌సీ ట్యాగ్ ఉన్న క్యూఆర్ స్టాండును మన ఫోనే చదువుతుంది, ఫోన్ కార్డులా నటించదు, కాబట్టి డిఫాల్ట్ పేమెంట్ యాప్ సెట్టింగ్‌కూ దానికీ సంబంధం లేదు. ఈ షాపులో ఉన్నది మామూలు సౌండ్ బాక్స్, దానికి ట్యాగ్ లేదు, దాని మీద ఎంతసేపు ఫోన్ పెట్టినా ఏం రాదు.

చివరికి ఓనర్‌కు గట్టిగా చెప్పింది ఒకటుంది. ట్యాప్ చేశాక కస్టమర్‌కు డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చి, మెషీన్ నుంచి స్లిప్ రాకపోతే మళ్ళీ ట్యాప్ చేయించొద్దు. ముందు మెషీన్‌లో చివరి లావాదేవీ రిపోర్టు తీయాలి. అందులో అప్రూవ్డ్ అని ఉంటే స్లిప్ మళ్ళీ ప్రింట్ చేసుకుంటే చాలు. లేకపోతే ఆ డబ్బు దానంతటదే వెనక్కి వెళ్ళాలి. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు సర్క్యులర్ ప్రకారం లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోపు తిరిగి జమ కావాలి, దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి. "అంటే నేను నా గల్లాలోంచి ఇవ్వక్కర్లేదా?" అన్నారు. "అక్కర్లేదన్నా, ఫెయిలైనట్టు రిపోర్టు కాగితం తీసి చేతికివ్వండి, బ్యాంకులో అది చూపించుకుంటారు" అన్నాను.

మెషీన్ మార్చలేదు. సాఫ్ట్‌వేర్ ఒక వెర్షన్ వెనకబడి ఉంటే అప్‌డేట్ చేశాను, తొడుగు మీద నాలుగు గీతల గుర్తు కొత్తది అంటించాను, కార్డులు పలికి ఫోన్లు మాత్రం పలకకపోతే నాకు ఫోన్ చేసేముందు కస్టమర్‌ను ఏమేం అడగాలో క్యాషియర్ బిల్లు పుస్తకం అట్ట వెనక రాసుకుంది.